కస్టమర్ ఇంటర్వ్యూలో జవాబుల్ని ఎంత దిద్దాలి? నాలుగు పద్ధతులు, ఒకే జవాబుతో పోలిక

కస్టమర్‌తో మాట్లాడటం అయిపోయింది. ఫోన్‌లో 22 నిమిషాల రికార్డింగ్ ఉంది. దాన్ని ప్రశ్న, జవాబుల రూపంలో రాసివ్వాలి. టైప్ చేయడం మొదలుపెట్టగానే అసలు తలనొప్పి వస్తుంది. ఆమె మాట్లాడింది మాట్లాడినట్టు పెడితే చదవలేం. మనం తిరగరాస్తే అది ఆమె మాట కాదు. ఈ రెంటి మధ్య ఎక్కడ ఆగాలి?

చిన్న వ్యాపారాల కోసం ఇలాంటి ఇంటర్వ్యూలు రాస్తున్న కొన్నేళ్లలో నేను నాలుగు పద్ధతులూ వాడాను. ఏ పద్ధతీ అన్నిచోట్లా పనికిరాలేదు. మీ పనికి ఏది సరిపోతుందో తేల్చుకోవడానికి వీలుగా ఒకే జవాబును నాలుగు రకాలుగా రాసి చూపిస్తాను. సూర్యాపేటలో మెడికల్ షాపు నడిపే ఒకామె, తన షాపులో పెట్టుకున్న బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ గురించి చెప్పిన జవాబు ఇది.

## ముందు ఏం చూసుకోవాలి

అర్థం మారిందా? అన్నిటికన్నా ముందు చూడాల్సింది ఇదే. మాటలు మారినా ఫర్వాలేదు, ఆమె ఎంత గట్టిగా చెప్పింది, ఎంత అనుమానంగా చెప్పింది అన్నది మారకూడదు. "తగ్గిందనుకుంట" అన్నది "తగ్గింది" అయిపోతే ఆమె చెప్పనిది చెప్పించినట్టే.

గొంతు వినిపిస్తుందా? ఆమెను తెలిసినవాళ్లు చదివితే పేరు చూడకుండానే "ఇది మనామె మాటే" అనుకోవాలి. యాస ఇందులో ఒక భాగం మాత్రమే. ఏ వస్తువు పేరెత్తింది, దేన్ని ముందు చెప్పింది, ఎక్కడ తనే తన మాటకు అడ్డుపడింది, ఇవన్నీ గొంతులోకే వస్తాయి.

చదివేవాళ్లకు అందుతుందా? సూర్యాపేట మాట అనంతపురంలో మెడికల్ షాపు నడిపేవాళ్లకు కూడా అర్థం కావాలి. వాళ్లే కదా రేపటి కస్టమర్లు.

మాట్లాడిన మనిషి పరువు నిలిచిందా? నోటితో చెప్పినప్పుడు అందంగా ఉన్నదే అచ్చులో చూసుకుంటే సిగ్గుగా అనిపించవచ్చు. "నేనింత తికమకగా మాట్లాడిన్నా?" అని ఆమె అనుకుంటే రెండోసారి మనతో మాట్లాడదు.

పనికి పట్టే టైం ఐదోది. దాన్ని పట్టికలో చెబుతాను.

## ఆమె నిజంగా చెప్పింది

నేనడిగింది: "సాఫ్ట్‌వేర్ పెట్టకముందు ఎక్స్‌పైరీ మందులు ఎట్ల చూసుకునేటోళ్లు?" ఆమె కౌంటర్ దగ్గర నిలబడే జవాబిచ్చింది.

> ఆఁ... అంటే, మొదట్ల నాకు నమ్మకం లేకుండె అన్నా. మా ఆయన... మా ఆయనైతే వద్దనే అన్నడు. అంటే ఏందంటే, షార్ట్ బుక్కు ఉండె గదా, దాంట్ల నేనే రాసుకునేదాన్ని. ఎక్స్‌పైరీ అంటే... ఇరవై ఇయ్యి బిడ్డా, చిల్లర లేదు... ఆఁ, ఎక్స్‌పైరీ అంటే ఇగ నెలాఖరుకు ఒక్కో ర్యాకు దించి చూసుడే. రెండు దినాలు అదే పని. ఇప్పుడు, ఇప్పుడైతే మూడు నెలల ముందే లిస్టు వస్తది. స్టాకిస్టుకు వాపస్ ఇచ్చేస్త. మొత్తం పోతలేవని గాదు, పోతయి, ఒకటీ అరా పోతయి, గానీ అప్పట్లెక్క కాదు. పోయినేడు... ఎంత... పన్నెండు వేలో, పదిహేను వేలో మీద పడ్డయి. ఈ యేడు రెండు వేలు గూడ లేదు. ఆ ఫోన్ చేస్తే మాత్రం జల్ది ఎత్తరు, అదొక్కటి జెర చెప్పుండ్రి మీవోళ్లకు.

మందుల షాపుల సంగతి తెలియనివాళ్ల కోసం ఒక మాట. షార్ట్ బుక్కు అంటే షాపులో అయిపోతున్న మందుల పేర్లు రాసుకునే పుస్తకం. డేటు దగ్గరపడిన సరుకును, షాపులకు మందులు సరఫరా చేసే స్టాకిస్టు వెనక్కి తీసుకునే గడువు దాటితే ఆ నష్టం షాపు మీదే పడుతుంది. "మీద పడ్డయి" అన్నది దాన్నే.

## మొదటి పద్ధతి: ఉన్నదున్నట్టు

పైన రాసిందే ఈ పద్ధతి. తడబాటు, మధ్యలో చిల్లర మాట, అన్నీ అలాగే ఉంటాయి.

అర్థం విషయంలో దీన్ని మించింది లేదు. ఆమె "ఎంత..." అని ఆగి గుర్తు చేసుకున్నది కూడా కనిపిస్తుంది కాబట్టి, ఆ లెక్క రాసిపెట్టుకున్నది కాదని చదివేవాళ్లకు తెలిసిపోతుంది. కానీ 22 నిమిషాలూ ఇలాగే టైప్ చేస్తే తొమ్మిది పది పేజీలు వస్తాయి. చివరిదాకా ఎవరూ చదవరు. పైగా చెవికి వినపడని తడబాటు కంటికి మాత్రం రెట్టింపై కనిపిస్తుంది. మాట్లాడేటప్పుడు అందరం "అంటే", "ఏందంటే" అంటూనే ఉంటాం, ఎవరికీ పట్టదు. అదే అచ్చులో పెడితే మాట్లాడటం రాని మనిషిలా కనిపిస్తుంది. ఆమె అలాంటి మనిషి కాదు.

అయినా ఈ ప్రతి మాత్రం తయారు చేసి దాచుకోండి. జనానికి చూపించడానికి కాదు, తర్వాతి ప్రతులన్నీ దీనితోనే సరిచూసుకోవాలి. కనీసం మీరు వాడబోయే జవాబుల వరకైనా ఉన్నదున్నట్టు టైప్ చేసి, పక్కన రికార్డింగ్‌లోని నిమిషం వేసుకుంటే తర్వాత చాలా వెతుకులాట తప్పుతుంది.

## రెండో పద్ధతి: పైపైన తుడిచింది

> మొదట్ల నాకు నమ్మకం లేకుండె. మా ఆయనైతే వద్దనే అన్నడు. షార్ట్ బుక్కు ఉండె గదా, దాంట్ల నేనే రాసుకునేదాన్ని. ఎక్స్‌పైరీ అంటే ఇగ నెలాఖరుకు ఒక్కో ర్యాకు దించి చూసుడే. రెండు దినాలు అదే పని. ఇప్పుడైతే మూడు నెలల ముందే లిస్టు వస్తది. స్టాకిస్టుకు వాపస్ ఇచ్చేస్త. మొత్తం పోతలేవని గాదు, ఒకటీ అరా పోతయి, గానీ అప్పట్లెక్క కాదు. పోయినేడు పన్నెండు వేలో, పదిహేను వేలో మీద పడ్డయి. ఈ యేడు రెండు వేలు గూడ లేదు. ఫోన్ చేస్తే మాత్రం జల్ది ఎత్తరు, అదొక్కటి చెప్పుండ్రి మీవోళ్లకు.

ఇక్కడ నేను కొత్త మాట ఒక్కటి కూడా చేర్చలేదు. తీసేసినవి మాత్రమే ఉన్నాయి. వరుస కూడా ఆమెదే. ఈ పద్ధతికి పెట్టుకోవాల్సిన కట్టుబాటు అదొక్కటే: తీయొచ్చు, చేర్చకూడదు, జరపకూడదు.

వినడానికి సులువే, కానీ ఏది తీయాలో తెలుసుకోవడం కష్టం. ఊతపదాల్లా కనిపించేవన్నీ ఊతపదాలు కావు. జవాబు మొదట్లో వచ్చిన "అంటే" ఊరికే ఊపిరి తీసుకోవడానికి వచ్చింది, పోయినా నష్టం లేదు. "ఎక్స్‌పైరీ అంటే" లోని "అంటే" విషయాన్ని ఎత్తుకుంటోంది, అది ఉండాలి. "ఉండె గదా" లోని "గదా" వినేవాడికి కూడా తెలుసన్న చనువు చూపిస్తోంది. "ఇగ" తీసేసి చూడండి: "నెలాఖరుకు ఒక్కో ర్యాకు దించి చూసుడే". వాక్యం బాగానే ఉంది, కానీ వేరే దారి లేక చేసిన పని అన్న విసుగు పోయింది. "ఫోన్ చేస్తే మాత్రం" లో "మాత్రం" పోతే, మిగతాదంతా బాగుందన్న సంగతి కూడా దాంతోపాటే పోతుంది.

నేను పాటించే పరీక్ష ఒకటుంది. అనుమానం వచ్చిన మాటను తీసేసి వాక్యాన్ని పైకి చదువుతాను. ఏమీ తేడా లేకపోతే తీసేసినట్టే. ఏదో తగ్గిందనిపిస్తే, ఏం తగ్గిందో నాకు తెలియకపోయినా, తిరిగి పెట్టేస్తాను.

గోదావరి వైపు వాళ్లతో మాట్లాడితే ఇదే చిక్కు "అండి"తో వస్తుంది. "చూసేదాన్నండి, రాసేదాన్నండి, పంపేదాన్నండి" అని ప్రతి వాక్యానికీ వస్తే అచ్చులో విసుగు. అన్నీ తీసేస్తే మనిషి మొరటుగా కనిపిస్తుంది. జవాబు మొదట్లో ఒకటి, చివర్లో ఒకటి ఉంచితే మర్యాద నిలుస్తుంది.

ఈ పద్ధతి లోటు: సాగదీత అలాగే ఉంటుంది. నేను అడిగింది ఎక్స్‌పైరీ గురించి, ఆమె నమ్మకంతో మొదలుపెట్టి షార్ట్ బుక్కు మీదుగా ఎక్స్‌పైరీకి వచ్చింది. ఒక్క జవాబైతే ఫర్వాలేదు. పది జవాబులూ ఇలా చుట్టు తిరిగి వస్తే చదివేవాళ్లు మధ్యలో దిగిపోతారు.

## మూడో పద్ధతి: కుదించి కూర్చింది

> ఎక్స్‌పైరీ మందులు ముందు ఎట్ల చూసుకునేటోళ్లు?
> నెలాఖరుకు ఒక్కో ర్యాకు దించి చూసుడే. రెండు దినాలు అదే పని. పోయినేడు పన్నెండు వేలో, పదిహేను వేలో మీద పడ్డయి.
>
> ఇప్పుడు?
> మూడు నెలల ముందే లిస్టు వస్తది. స్టాకిస్టుకు వాపస్ ఇచ్చేస్త. మొత్తం పోతలేవని గాదు, ఒకటీ అరా పోతయి, గానీ అప్పట్లెక్క కాదు. ఈ యేడు రెండు వేలు గూడ లేదు. ఫోన్ చేస్తే మాత్రం జల్ది ఎత్తరు, అదొక్కటి చెప్పుండ్రి మీవోళ్లకు.

ఇందులో మాటలన్నీ ఆమెవే, కూర్పు నాది. పోయినేటి లెక్కను ముందుకు జరిపాను. పొడుగు జవాబును రెండు ముక్కలు చేయడానికి "ఇప్పుడు?" అన్న ప్రశ్న చేర్చాను. భర్త వద్దన్న సంగతి "మొదట ఎందుకు తీసుకోలేదు?" అన్న ఇంకో జవాబులో కూడా ఉంది కాబట్టి ఇక్కడినుంచి తీసేశాను.

నా పనిలో ఎక్కువసార్లు గెలిచేది ఇదే. కానీ తప్పులు ఎక్కువగా జరిగేదీ ఇక్కడే, కాబట్టి దీని దగ్గర కాస్త ఆగుదాం.

జరిపితే సర్వనామాలు దారి తప్పుతాయి. తెలుగులో మనం కర్తను సగంసార్లు చెప్పం. "ఇచ్చేస్త" అంటే ఎవరు, దేన్ని? ముందు వాక్యం పక్కన ఉన్నంతవరకే అది తెలుస్తుంది. "లిస్టు వస్తది" పక్కనుంచి "వాపస్ ఇచ్చేస్త"ను ఇంకోచోటికి జరిపితే సాఫ్ట్‌వేరునే వాపస్ ఇచ్చేసినట్టు అర్థం వచ్చే ప్రమాదం ఉంది. వాక్యం జరిపిన ప్రతిసారీ అందులోని అది, ఇది, వాళ్లు, అప్పుడు అన్న మాటల మీద వేలు పెట్టి, ఇప్పుడు దేన్ని చూపిస్తున్నాయో చూసుకోవాలి. చెడితే వాక్యాన్ని వెనక్కి జరపండి. తప్పనిసరైతే "(మందులను)" అని బ్రాకెట్లో పెట్టండి. బ్రాకెట్ పెడితే ఆ మాట మీదని అందరికీ తెలుస్తుంది.

అడగని ప్రశ్నను చేర్చేటప్పుడు జాగ్రత్త. "ఇప్పుడు?" లాంటి దారి చూపే ప్రశ్నతో చిక్కు లేదు. మొదట్లో నేను ఇక్కడ మూడో ప్రశ్న కూడా పెట్టాను: "మీకు నచ్చనిది ఏమైనా ఉందా?" దానికింద ఫోన్ సంగతి వేశాను. చూడటానికి చక్కగా ఉంది. కానీ నేను ఆ ప్రశ్న అడగలేదు. ఆమె ఎవరూ అడగకుండానే చెప్పింది, చెప్పమని కూడా అంది. అడిగితే చెప్పినదానికీ, ఉండబట్టలేక చెప్పినదానికీ బరువు వేరు. అందుకే ఆ ప్రశ్న తీసేసి, ఫిర్యాదును ఆమె చెప్పిన చోటే ఉంచాను.

దీనికి తిరగబడిన తప్పు ఇంకా పెద్దది. మనం "మీకు చాలా టైం కలిసొచ్చింది కదా?" అని అడుగుతాం. ఆమె "ఆఁ, అవును" అంటుంది. అచ్చులో "నాకు చాలా టైం కలిసొచ్చింది" అని ఆమె జవాబుగా పడుతుంది. మాట మనది, పేరు ఆమెది. అలాంటి జవాబు ఉంటే ప్రశ్నతో సహా అలాగే వేయండి, లేదా మళ్లీ ఫోన్ చేసి "టైం సంగతి చెప్పండి" అని ఖాళీగా అడగండి.

పక్కపక్కన పెట్టిన అంకెలు కొత్త అర్థం ఇస్తాయి. పోయినేడు పన్నెండో పదిహేనో వేలు, ఈ యేడు రెండు వేలలోపు. పోలిక అదిరిపోయింది. కానీ మేం మాట్లాడింది ఆగస్టులో. పోయినేడు అంటే పూర్తి సంవత్సరం, ఈ యేడు అంటే అప్పటికి కొన్ని నెలలే. ఆమె మాటల్లో అబద్ధం లేదు, మాట్లాడిన నెల ఆమెకూ నాకూ తెలుసు. చదివేవాళ్లకు తెలియదు. దీన్ని మాటలు దిద్ది సరిచేయలేం. ఫోన్ చేసి అడిగితే ఆమె ఏప్రిల్ నుంచి లెక్క చెబుతున్నానంది. ప్రశ్నలోనే "ఈ ఏప్రిల్ నుంచి ఆగస్టు దాకా చూస్తే?" అని పెట్టి, ఆ సంగతి ఆమెకు చెప్పి ఒప్పించాను. పోలిక బలం కొంచెం తగ్గింది. ఇంటర్వ్యూ రాయించుకున్న సాఫ్ట్‌వేర్ కంపెనీ వాళ్లు కాస్త చిన్నబుచ్చుకున్నారు కూడా. కానీ మందుల షాపు నడిపే మనిషి చదివితే మొట్టమొదట అడిగే ప్రశ్న అదే.

## నాలుగో పద్ధతి: పత్రిక భాషలోకి మార్చింది

> మొదట్లో ఈ సాఫ్ట్‌వేర్‌పై నాకు నమ్మకం ఉండేది కాదు. గతంలో కాలం చెల్లిన మందులను గుర్తించేందుకు ప్రతి నెలా చివర్లో రెండు రోజుల సమయం వెచ్చించాల్సి వచ్చేది. ప్రస్తుతం మూడు నెలల ముందుగానే జాబితా అందుతోంది. దీంతో గత ఏడాది సుమారు 15 వేల రూపాయలుగా ఉన్న నష్టం ఈ ఏడాది 2 వేల లోపునకు తగ్గింది.

తప్పులేదు, శుభ్రంగా ఉంది, ఏ ఊరివాళ్లకైనా అర్థమవుతుంది. కొన్నేళ్ల కింద నేను ఇలాగే రాసేవాడిని. ఒక కస్టమర్‌కు ఇలాంటి ప్రతి పంపితే చదివి, "మంచిగుంది అన్నా, గానీ ఇది నేను గాదు, ఎవరో టీచరమ్మ" అంది.

పోయిందేమిటో చూడండి. "ఒక్కో ర్యాకు దించి చూసుడే" పోయి "సమయం వెచ్చించాల్సి" వచ్చింది. ర్యాకు దించిన చేతులు మాయమయ్యాయి. "పన్నెండు వేలో, పదిహేను వేలో" పోయి "సుమారు 15 వేలు" వచ్చింది. ఆమె రెండు అంకెలు చెబితే పెద్దదాన్ని మనం ఎంచుకున్నాం. "మొత్తం పోతలేవని గాదు" అన్న మాట ఎగిరిపోయింది. నిజానికి ఆమె మీద నమ్మకం కలిగించేది ఆ ఒక్క వాక్యమే, ఇంకా ఒకటీ అరా పోతున్నాయని తనే ఒప్పుకుంటోంది కాబట్టి. "దీంతో" అన్న మాట కొత్తగా వచ్చి చేరింది. నష్టం తగ్గడానికి సాఫ్ట్‌వేరే కారణమని ఆమె ఎక్కడా ముడిపెట్టి చెప్పలేదు. ఫోన్ సంగతి ఊసే లేదు.

అయినా ఈ పద్ధతిని పూర్తిగా కొట్టిపారేయను. కస్టమర్ వేరే భాషలో మాట్లాడితే, ఉదాహరణకు హైదరాబాద్‌లో ఉర్దూలో జవాబిస్తే, తెలుగులోకి తెచ్చేటప్పుడు సాదా భాషే న్యాయం. ఉర్దూ మాట్లాడిన మనిషికి మనం ఏ జిల్లా యాస అంటగడతాం? కస్టమరే "నా మాటలు మామూలు తెలుగులో రాయండి" అని అడిగినా అంతే. అప్పుడు కూడా అనుమానం చూపే మాటలు, అంకెల పరిధి, ఫిర్యాదు, ఈ మూడూ అలాగే రావాలి. కల్పించిన "దీంతో"లు రాకూడదు.

## ఒకచోట చూస్తే

టైం నేను ఒక 22 నిమిషాల రికార్డింగ్‌కు పట్టిన లెక్క. మీకు కొంచెం అటూ ఇటూ అవుతుంది.

| | ఉన్నదున్నట్టు | పైపైన తుడిచింది | కుదించి కూర్చింది | పత్రిక భాష |
|---|---|---|---|---|
| అర్థం నిలవడం | పూర్తిగా | దాదాపు పూర్తిగా | సరిచూసుకుంటేనే | ప్రమాదం ఎక్కువ |
| గొంతు | ఉంటుంది, తడబాటు కప్పేస్తుంది | బాగా | బాగా | పోతుంది |
| చదవడానికి | కష్టం | చిన్న ఇంటర్వ్యూకు బాగు | హాయి | హాయి, కానీ చప్పన |
| మాట్లాడినవాళ్ల పరువు | దెబ్బతినొచ్చు | నిలుస్తుంది | నిలుస్తుంది | నిలుస్తుంది, పరాయిగా అనిపిస్తుంది |
| పట్టే టైం | 2 గంటలు | 3 గంటలు | ఒక రోజు పని | 3 గంటలు |

## యాస ఎంత ఉంచాలి

రెండో, మూడో పద్ధతి ఎంచుకున్నవాళ్లకు మిగిలే ప్రశ్న ఇది. క్రియల్ని మార్చాలా? "వస్తది"ని "వస్తుంది" చేయాలా?

నా మట్టుకు నేను ఉంచుతాను. ఒక్క చోట మాత్రం చిక్కు ఉంది. తెలంగాణలో "నేను కొన్న" అంటే "నేను కొన్నాను" అని. మిగతావాళ్లకు "కొన్న" అనగానే తర్వాత ఇంకేదో వస్తుందనిపిస్తుంది, కొన్న మందు, కొన్న షాపు లాగా. "పోయినేడు ఈ సాఫ్ట్‌వేర్ కొన్న మా ఆయన వద్దన్నడు" అని చుక్క లేకుండా వస్తే గుంటూరు మనిషి, కొన్నది భర్తే అనుకుంటాడు. అలాంటిచోట వాక్యాన్ని చిన్నది చేసి "నేను" చేర్చి చుక్క పెడితే చాలు: "పోయినేడు నేను కొన్న. మా ఆయన వద్దన్నడు." చేర్చిన ఆ ఒక్క మాటను ఆమెకు వినిపించేటప్పుడు చెప్పండి.

ఇంకొకటి, ప్రశ్న కూడా ఒక గొంతే. నేను నిజంగా అడిగింది "ఎట్ల చూసుకునేటోళ్లు" అని. అచ్చులో నా ప్రశ్నల్ని మాత్రం "ఎలా చూసుకునేవారు" అని ఇస్త్రీ చేసి, ఆమె జవాబుల్ని యాసలో వదిలేస్తే, నేను చదువుకున్నవాడిలా, ఆమె చదువులేనిదానిలా కనిపిస్తాం. ఇది చిన్న విషయం కాదు. దిద్దితే ఇద్దరివీ ఒకే కొలతతో దిద్దాలి.

## ఎవరికి ఏది

మీదే చిన్న వ్యాపారం, మీరే కస్టమర్‌తో మాట్లాడి మీరే రాసుకుంటున్నారా? ఐదు ప్రశ్నలకు మించకుండా అడిగి, రెండో పద్ధతి పట్టుకోండి. చేర్చకూడదు, జరపకూడదు అన్న కట్టుబాటు మిమ్మల్ని కాపాడుతుంది. మన సరుకు గురించి మంచిమాట వచ్చినప్పుడు దాన్ని ఇంకాస్త పైకి జరపాలన్న ఆశ అందరికీ ఉంటుంది. జరపడమే కుదరని పద్ధతి అయితే ఆ ఆశతో పెనుగులాట ఉండదు. కూర్చోబెట్టి మాట్లాడే వీలు లేకపోతే ప్రశ్నలు వాట్సాప్‌లో పంపి వాయిస్ మెసేజ్‌లు అడగండి. టైప్ చేసి పంపమంటే చాలామంది దరఖాస్తు భాషలోకి వెళ్లిపోతారు. వాయిస్‌లో అయితే మామూలుగా మాట్లాడతారు, పైగా ఒక్కో జవాబు ఒక్కో ముక్కగా వస్తుంది.

వేరే కంపెనీ కోసం రాసిచ్చేవాళ్లకు మూడో పద్ధతి. దానికి ఒక రోజు పడుతుందని ముందే చెప్పి డబ్బు మాట్లాడుకోండి. కంపెనీ వాళ్లు ఫిర్యాదు వాక్యం తీసేయమంటారు, ఇది దాదాపు ప్రతిసారీ జరుగుతుంది. మన దేశంలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ తప్పుదారి పట్టించే ప్రకటనలపై 2022 జూన్‌లో ఇచ్చిన మార్గదర్శకాలు ఇక్కడ అక్కరకొస్తాయి. ఎవరైనా ఒక సరుకును మెచ్చుకున్నట్టు చూపిస్తే, అది ఆ మనిషి నిజమైన, ఇప్పటి అభిప్రాయమై ఉండాలని అవి చెబుతాయి. మెచ్చుకున్న మనిషికీ కంపెనీకీ ఏదైనా సంబంధం ఉండి, చదివేవాళ్లు దాన్ని ఊహించలేనిదైతే, అది చెప్పాలి కూడా. ఏడాది ఫీజు మాఫీ చేసి ఇంటర్వ్యూ తీసుకున్నారనుకోండి, ఆ ముక్క పైన వేయాల్సిందే. ఫోన్ సంగతి తీసేయమన్నప్పుడు నేను కంపెనీకి ఇచ్చిన సలహా ఇంకోటి: కింద మీ జవాబు వేయండి. "సాయంత్రం ఆరు తర్వాత కాల్స్ ఎత్తే మనిషిని పెట్టాం" అని వాళ్లు ఒక వాక్యం రాసిచ్చారు. ఆ వాక్యం నిజమో కాదో ఆమెనే అడిగి తేల్చుకున్నాకే వేశాను.

డాక్టర్లు, ఆడిటర్లు, ఇంజినీర్లు లాంటివాళ్లతో మాట్లాడితే వాక్యానికి సగం ఇంగ్లిష్ వస్తుంది. "వర్క్‌లోడ్ మేనేజ్ చేయడం డిఫికల్ట్ అయ్యేది" అంటారు. వాళ్లకూ మూడో పద్ధతే, కానీ ప్రతి ఇంగ్లిష్ మాటనూ తెలుగు చేయకండి. "పనిభార నిర్వహణ" అని ఏ డాక్టరూ అనడు. అందరికీ తెలిసిన ఇంగ్లిష్ మాట ఉండనివ్వండి. వాళ్ల వృత్తిలో తప్ప బయట తెలియనిదాన్ని ప్రశ్నలోనే విప్పి చెప్పండి.

మాటల్ని ఎంత దిద్దితే తప్పు అన్న దాని మీద కోర్టు దాకా వెళ్లిన కేసు కూడా ఉంది. అమెరికా సుప్రీంకోర్టు 1991లో మాసన్ వర్సెస్ న్యూయార్కర్ మ్యాగజీన్ కేసులో, కొటేషన్ గుర్తుల మధ్య మాటలు మారినంత మాత్రాన అది అబద్ధం కాదని, అర్థం చెప్పుకోదగ్గంతగా మారితేనే అవుతుందని తేల్చింది. అది పరువునష్టం దావా, మన చట్టమూ కాదు. కానీ "దించి చూసుడే"ని "దించి చూసేదాన్ని" చేయడానికీ, "పన్నెండో పదిహేనో"ని "15" చేయడానికీ తేడా ఎక్కడుందో అది సూటిగా చూపిస్తుంది.

## పంపేముందు

ఏ పద్ధతి ఎంచుకున్నా ఇంటర్వ్యూ పైన ఒక వాక్యం వేయండి. మూడో పద్ధతికి నేను వేసేది ఇది: "ఆగస్టులో మాట్లాడిన సంభాషణ ఇది. జవాబుల్ని కుదించి, వరుస మార్చాం. మాటలు ఆమెవే. ఆమె విని ఒప్పుకున్నాక వేస్తున్నాం."

ఒప్పుకోవడం అంటే ఫైలు పంపి "ఓకేనా?" అని అడగడం కాదు. కౌంటర్ దగ్గర ఉన్న మనిషి తెరవకుండానే "ఓకే" అని పెట్టేస్తుంది. షాపు మూసే వేళకు ఫోన్ చేసి పైకి చదివి వినిపించండి. పావుగంట పడుతుంది. సూర్యాపేట ఆమె మధ్యలో రెండుసార్లు ఆపింది. ఒకటి, "మూడు నెలల ముందే" అన్నదాన్ని "మూడు నెలల ముందుగాల" చేయమంది, మా ఇంట్ల గట్లనే అంటం అని. రెండోది, భర్త వద్దన్న వాక్యం. నేను తీసేస్తుందేమో అనుకున్నాను. "ఉంచుండ్రి, ఆయన గూడ చదవాలె" అంది.